యూరిన్ రొటీన్ రిపోర్టు: ప్రోటీన్, పస్ సెల్స్, కాస్ట్స్ అంటే ఏమిటి?

మూత్ర పరీక్ష రిపోర్టు చేతికి రాగానే చాలామంది చూపు ‘పస్ సెల్స్’ అన్న వరుస మీదనే నిలుస్తుంది. చీము అన్న మాటే భయం కలిగిస్తుంది. అదే కాగితంలో ‘ప్రోటీన్’ ఎదురుగా ఉన్న ఒక్క ప్లస్ గుర్తును మాత్రం పెద్దగా పట్టించుకోరు. అయితే కొన్ని రిపోర్టుల్లో తేలిగ్గా తీసుకోదగినది మొదటిది, వదిలిపెట్టకూడనిది రెండోది.

ఉదాహరణకు, ఆరేళ్లుగా మధుమేహం ఉన్న 42 ఏళ్ల మహిళ రిపోర్టు ఇలా ఉందనుకుందాం: ప్రోటీన్ 1+, పస్ సెల్స్ 10–12, ఎపిథీలియల్ సెల్స్ 15–20, కాస్ట్స్ లేవు. ఆమెకు జ్వరం లేదు, మూత్రంలో మంట లేదు. ఈ రిపోర్టును అర్థం చేసుకోవాలంటే ప్రతి వరుస దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? మూత్రపిండం నుంచా, మూత్రం ప్రయాణించే దారిలోంచా, లేక బయటి చర్మం నుంచా?

పస్ సెల్స్: ఏ దారి నుంచైనా రావచ్చు

పస్ సెల్స్ అంటే తెల్ల రక్తకణాలే. సూక్ష్మక్రిములు చేరిన చోటికి, వాపు ఉన్న చోటికి ఇవి చేరుకుంటాయి. టెక్నీషియన్ మూత్రాన్ని యంత్రంలో వేగంగా తిప్పి, అడుగున చేరిన మడ్డిని సూక్ష్మదర్శినిలో సుమారు 400 రెట్లు పెద్దది చేసి చూస్తారు. ఒకసారి కంటికి కనిపించే వృత్తంలో ఎన్ని కణాలు ఉన్నాయన్నదే రిపోర్టులోని అంకె. ‘హెచ్‌పీఎఫ్’ అన్న అక్షరాలు ఈ వృత్తాన్నే సూచిస్తాయి. సాధారణంగా 5 వరకు ఉంటే మామూలుగానే పరిగణిస్తారు.

ఈ కణాలు మూత్రపిండం, మూత్రాశయం, మూత్రనాళం దేని నుంచైనా రావచ్చు. మహిళల్లో తెల్లబట్ట నుంచి కూడా నమూనాలో కలిసిపోవచ్చు. అందుకే దీనిని పక్కనున్న ఎపిథీలియల్ సెల్స్ అంకెతో కలిపి చదవాలి. అవి ఎక్కువగా చర్మం, యోని పొరల నుంచి రాలిపడే కణాలు. అవి ఎక్కువగా ఉన్నాయంటే నమూనా శుభ్రంగా పట్టలేదని అనుమానించాలి. పై రిపోర్టులో అవి 15–20 ఉన్నాయి, బాధలేవీ లేవు. కాబట్టి అక్కడి పస్ సెల్స్ ఇన్‌ఫెక్షన్‌కు నమ్మదగిన సాక్ష్యం కాదు. ఆ ఒక్క అంకెను చూసి యాంటీబయాటిక్ మింగడం తగదు.

మంట, మాటిమాటికీ మూత్రం రావడం, జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే పరిస్థితి వేరు. అప్పుడు ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకోవడానికి కల్చర్ పరీక్ష చేయిస్తారు. దాని నమూనాను యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. పస్ సెల్స్ పదేపదే కనిపిస్తున్నా కల్చర్‌లో క్రిములు పెరగకపోతే రాళ్లు, మూత్రవ్యవస్థకు సోకిన క్షయ వంటి కారణాలను వెతుకుతారు.

ప్రోటీన్: జల్లెడ సంగతి చెప్పే గుర్తు

మూత్రపిండంలోని వడపోత గుత్తులు జల్లెడలా పనిచేస్తాయి. నీటిని, వ్యర్థాలను కిందికి వదిలి, రక్తంలోని ప్రోటీన్‌ను పైనే నిలుపుతాయి. జల్లెడ దెబ్బతింటే ప్రధానంగా ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారుతుంది. మూత్రంలో ముంచిన పట్టీ రంగు మారే తీరును బట్టి దీనిని ప్లస్‌లుగా రాస్తారు. 1+ అంటే డెసీలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, 2+ అంటే సుమారు 100, 3+ అంటే సుమారు 300. ‘ట్రేస్’ అంటే అంతకన్నా తక్కువ జాడ.

ఈ ప్లస్‌లు మూత్రం చిక్కదనం మీద ఆధారపడతాయి. నీళ్లు తక్కువ తాగినప్పుడు అదే ప్రోటీన్ ఎక్కువగా, నీళ్లు బాగా తాగినప్పుడు తక్కువగా కనిపిస్తుంది. జ్వరం, కఠిన వ్యాయామం వల్ల కూడా తాత్కాలికంగా ప్రోటీన్ కనిపించి తరువాత పోతుంది. కాబట్టి ఒక్క ప్లస్‌తో జబ్బు ఉందని తేల్చరు. అలాగని దానిని వదిలేయకూడదు. ముఖ్యంగా మధుమేహం, రక్తపోటు ఉన్నవారిలో మూత్రపిండం దెబ్బతింటోందనడానికి ఏ బాధా తెలియకముందే కనిపించే గుర్తుల్లో ఇది ఒకటి.

కాస్ట్స్: మూత్రపిండంలోనే తయారయ్యే అచ్చులు

కాస్ట్ అంటే అచ్చు. మూత్రపిండంలోని సన్నని నాళికలు సహజంగా ఒక జిగురు ప్రోటీన్‌ను స్రవిస్తాయి. అది నాళికలోనే గడ్డకట్టి, ఆ గొట్టం ఆకారాన్ని పొంది, మూత్రంతో పాటు బయటికి కొట్టుకొస్తుంది. అవి మూత్రాశయంలో తయారు కావు, చర్మం నుంచి రావు. అందుకే కాస్ట్ కనిపిస్తే దాని పుట్టుచోటు మూత్రపిండమేనని చెప్పవచ్చు.

అయితే కాస్ట్ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. పారదర్శకంగా ఉండే హయలైన్ కాస్ట్స్ ఒకటి రెండు ఆరోగ్యవంతుల్లోనూ, వ్యాయామం తరువాత, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కనిపిస్తాయి. అచ్చులో ఏం చిక్కుకుందన్నదే కీలకం. ఎర్ర రక్తకణాలు చిక్కుకుంటే వడపోత గుత్తుల్లో వాపు ఉందని బలంగా అనుమానిస్తారు. తెల్ల కణాలు చిక్కుకుంటే ఇన్‌ఫెక్షన్ లేదా వాపు మూత్రపిండం వరకు చేరిందని అర్థం. గోధుమ రంగు గరుకు అచ్చులు ఎక్కువగా ఉంటే నాళికల కణాలు దెబ్బతిని రాలుతున్నాయని భావిస్తారు. ఎర్ర కణాల అచ్చులు రాస్తే వైద్యుణ్ని వెంటనే కలవాలి.

కాస్ట్స్ నిలవ ఉన్న మూత్రంలో కరిగిపోతాయి. కాబట్టి ‘నిల్’ అని ఉన్నంత మాత్రాన అవి అసలు లేవని చెప్పలేం.

అదే రిపోర్టు, రెండోసారి

పై ఉదాహరణలోని మహిళకు వైద్యులు ముందుగా మళ్లీ పరీక్ష చేయించమంటారు. ఈసారి బయటి భాగాన్ని నీటితో కడుక్కుని, మొదటి ధారను వదిలేసి, నడి ధారను మాత్రమే శుభ్రమైన డబ్బాలో పట్టాలి. నెలసరి రోజుల్లో ఇవ్వకూడదు. ఉదయం మొదటి మూత్రమైతే మేలు. దానిని 2 గంటల్లోపు ల్యాబ్‌లో పరీక్షించాలి. ఆలస్యమైతే క్రిములు పెరిగి, కణాలు చితికి, ఫలితం తారుమారవుతుంది.

రెండో రిపోర్టులో పస్ సెల్స్ 2–3, ఎపిథీలియల్ సెల్స్ 1–2 అని వచ్చాయనుకుందాం. అంటే మొదటిసారి కనిపించిన ‘చీము’ నమూనా పట్టిన తీరు వల్ల వచ్చింది. కానీ ప్రోటీన్ ఇప్పటికీ 1+ గానే ఉంది. ఇక్కడే అసలు విచారణ మొదలవుతుంది. చిక్కదనం ప్రభావాన్ని తొలగించడానికి ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి అనే పరీక్ష చేస్తారు. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే మామూలే. ఆమెకు 180 వచ్చిందనుకుంటే, మూడు నెలల వ్యవధిలో మళ్లీ చూస్తారు. మూడు నెలలు దాటినా ఎక్కువగానే ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా పరిగణిస్తారు. ఈ దశలో చక్కెర, రక్తపోటు అదుపు చేసి, వడపోత గుత్తులపై ఒత్తిడి తగ్గించే మందులు వాడితే నష్టం వేగాన్ని తగ్గించవచ్చు. మొదటి రిపోర్టు చూసి యాంటీబయాటిక్‌తో సరిపెట్టి ఉంటే ఈ అవకాశం చేజారేది.

ఈ పరీక్షకు ఉన్న పరిమితి

రిపోర్టు అంతా మామూలుగా ఉన్నా మూత్రపిండాలు బాగున్నాయని హామీ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ప్రబలిన మూత్రపిండ వ్యాధి ప్రధానంగా నాళికల చుట్టూ ఉండే కణజాలాన్ని దెబ్బతీస్తుంది. అందువల్ల మూత్రంలో ప్రోటీన్ చాలా స్వల్పంగానే కనిపించవచ్చు. అలాంటి చోట రక్తంలో క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి.

గర్భిణుల విషయంలో రెండు జాగ్రత్తలు అదనం. 20 వారాల తరువాత రక్తపోటుతో పాటు ప్రోటీన్ కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బాధలు లేకపోయినా కల్చర్‌లో క్రిములు బయటపడితే వారికి చికిత్స అవసరం. ఎవరికైనా ముఖం, కాళ్లు ఉబ్బడం, మూత్రం నురగగా లేదా టీ డికాక్షన్ రంగులో రావడం, మూత్రం బాగా తగ్గిపోవడం వంటి లక్షణాలు ఉంటే రిపోర్టులోని అంకెలతో నిమిత్తం లేకుండా వైద్యుణ్ని సంప్రదించాలి.