లంగరూ బంతీ

లంగరు అనగానే తెలుగువాళ్లకు ఓడ గుర్తొస్తుంది. లంగరు వేస్తే ఓడ ఆగుతుంది, లంగరెత్తితే కదులుతుంది. మన నిఘంటువుల్లోనూ ఆ అర్థమే ముందుంటుంది. అమృత్‌సర్‌లో స్వర్ణమందిరం దగ్గర దర్శనం చేసుకుని వస్తుంటే ఒక పెద్దాయన చేతులు జోడించి ‘లంగర్ ఛక్ కే జాణా జీ’ అన్నారు. భోంచేసి వెళ్లండి అని అర్థం. నాకు మాత్రం ఇనపకొక్కెం, తాడు, మచిలీపట్నం రేవు కళ్లముందు మెదిలాయి. ఓడను ఆపే వస్తువు పేరు అన్నశాలకు ఎలా వచ్చిందన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది.

రెండూ ఒకటే మాట. పర్షియన్‌లో లంగర్ అంటే ఓడను నిలిపే బరువు. దాని చుట్టూ తక్కిన అర్థాలు పెరిగాయి. ఏనుగును కదలనివ్వని గొలుసు లంగర్. బాటసారులూ ఫకీర్లూ ఆగి తలదాచుకునే మఠం లంగర్. ఆ మఠంలో వచ్చినవాళ్లకు పెట్టే తిండి కూడా లంగరే. ఆపడం, ఆగడం, ఆగిన చోట అన్నం తినడం: ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు మాట దిగుతూ వచ్చింది.

గొలుసు అర్థం హైదరాబాదుకు కొత్తది కాదు. కుతుబ్‌షాహీల కాలపు కథ ఒకటి చెప్తారు. కుమారుడు అబ్దుల్లాను ఎక్కించుకున్న ఏనుగు మదమెక్కి అడవిలోకి పారిపోతే తల్లి హయాత్ బక్షీ బేగం మొక్కుకుందట: బిడ్డ క్షేమంగా వస్తే ఏనుగు గొలుసంత బంగారు గొలుసు చేయించి హుసేనీ ఆలంలో సమర్పిస్తానని. ఆ గొలుసు పేరు మీదే మొహర్రంలో లంగర్ ఊరేగింపు మొదలైందని ఊరి జ్ఞాపకం. అంటే ఈ మాట ఒక అర్థంతో మన రేవులకూ, ఇంకో అర్థంతో మన రాజధానికీ వచ్చింది. అన్నం అర్థం మాత్రం తెలుగులో అంతగా నిలవలేదు. అది పంజాబులో వేరు పట్టింది.

అక్కడికి దాన్ని చేర్చింది సూఫీల మఠాలు. 13వ శతాబ్దంలో పాక్‌పట్టన్‌లో ఉన్న బాబా ఫరీద్ వంటి చిష్తీ గురువుల దగ్గర వచ్చేపోయేవాళ్లకు వంట సాగేది. సంస్కృతంలోని ‘అనలగృహం’, అంటే నిప్పు ఉండే ఇల్లు, అరిగిపోయి లంగర్ అయిందని కొందరు రాశారు. నాకది ఒప్పుదల కాదు. ఇదే రూపంతో, ఇదే అర్థంతో మాట పొరుగునే పర్షియన్‌లో ఉండగా అంత దూరపు దారి పట్టనక్కర్లేదు. పైగా ఈ వాడుక సూఫీలదని ఒప్పుకుంటే సిక్కుల గొప్పతనం ఏమీ తగ్గదు. ఫరీద్ పదాలనే తమ పవిత్ర గ్రంథంలో చేర్చుకున్నవాళ్లు వాళ్లు.

గురు నానక్ (1469–1539) చివరి ఏళ్లలో కర్తార్‌పూర్‌లో పొలం దున్ని, పండిన దాన్ని అందరితో కలిసి తిన్నారని సంప్రదాయం. రెండో గురువు అంగద్ కాలంలో ఖడూర్‌లో వంటశాల ఆయన భార్య మాతా ఖీవీ చేతి మీద నడిచింది. గురువుల భార్యల్లో గురుగ్రంథ్ సాహిబ్‌లో పేరుకెక్కింది ఆమె ఒక్కరే. సత్తా, బల్వంద్ అనే ఇద్దరు గాయకులు కట్టిన రచనలో ఆమె నీడనిచ్చే చెట్టుతో పోలిక పొందింది. లంగర్ అన్న మాట, అందులో పంచిన నేతి పాయసం కూడా అక్కడే కనిపిస్తాయి. ఒక మతం పవిత్ర గ్రంథంలో వంటశాల పేరు, దాన్ని నడిపిన ఇల్లాలి పేరు పక్కపక్కనే ఉండటం నాకు ఎంతో నచ్చిన సంగతి.

మన పత్రికలు లంగర్‌ను సాధారణంగా ‘అన్నదానం’ అని రాస్తాయి. అక్కడే అసలు సంగతి జారిపోతుంది. దానమనగానే ఒకరు దాత, ఇంకొకరు గ్రహీత. ఒకరి చెయ్యి పైన, ఇంకొకరి చెయ్యి కింద. లంగర్‌లో తిన్నవాడే లేచి వెళ్లి ఉల్లిపాయలు తరగవచ్చు, పక్కవాడి పళ్లెం తోమవచ్చు. సరుకులు ఇచ్చినవాడు కూడా అదే చాప మీద కూర్చుని అదే పప్పు తింటాడు. సిక్కులు దాన్ని సేవ అంటారు, వంట దగ్గరా వడ్డనలోనూ ఉన్నవాళ్లను సేవాదారులంటారు. పంజాబీలో లంగర్ ‘వర్తాఉణా’ అంటే పంచడం. మనం ‘ఈ నియమం అందరికీ వర్తిస్తుంది’ అన్నప్పటి వర్తించడం దీనికి చుట్టమే. అన్నం అందరికీ వర్తిస్తుంది, అంతే.

ఈ వంటశాల గుట్టు ఇంకో మాటలో ఉంది: పంగత్. మన ‘పంక్తి’ అది. మూడో గురువు అమర్‌దాస్ గోయింద్‌వాల్‌లో పెట్టిన నియమం ఒకే ముక్కలో చెప్పుకుంటారు: ముందు పంగత్, తర్వాత సంగత్. అంటే ముందు వరుసలో కూర్చుని తినాలి, ఆ తర్వాతే గురువు సభలోకి రావాలి. అక్బరు చక్రవర్తి వచ్చినప్పుడు కూడా వరుసలో కూర్చుని తిన్నాకే గురువును చూశాడని సిక్కులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఈ నియమం బరువు తెలియాలంటే పంక్తి అన్న మాట పూర్వచరిత్ర చూడాలి. ధర్మశాస్త్రాల్లో పంక్తి ఒక కంచె. శ్రాద్ధభోజనానికి ఎవరిని కూర్చోబెట్టాలో చెప్తూ మనుస్మృతి మూడో అధ్యాయం పొడవాటి జాబితాలిస్తుంది. కూర్చుంటే వరుసకు పుణ్యం తెచ్చేవాడు పంక్తిపావనుడు. కూర్చోడానికే తగనివాడు అపాంక్తేయుడు. ఈ రెండో మాటను మనం ఇప్పటికీ మోస్తున్నాం. మాండలికం కావ్యభాషకు అపాంక్తేయం అని ఒకనాడు వాదించినవాళ్లు కూడా, తెలిసో తెలియకో, ఆ భోజనాల వరుసలోంచే మాట తెచ్చుకున్నారు. అమర్‌దాస్ కొత్త పదం పుట్టించలేదు. మనుషుల్ని లేపి పంపడానికి వాడిన మాటనే పట్టుకుని, కూర్చోకపోతే లోపలికి రానివ్వనన్నారు. మాట అదే, దాని ముఖం అటు తిరిగింది.

తెలుగులో పంక్తి వికృతి బంతి. బంతిభోజనం మన పల్లెమాట. బంతిలో వలపక్షం పనికిరాదని పెద్దలంటారు: ఒక విస్తరిలో నెయ్యి ఎక్కువ, ఇంకో విస్తరిలో తక్కువ వేయకూడదని. అయితే ఆ సమానత్వం బంతిలోకి రానిచ్చినవాళ్ల మధ్యనే. బంతి ఎవరిదన్న ప్రశ్నను పల్నాడులో బ్రహ్మనాయుడు అడిగాడు. అన్ని కులాలవాళ్లనూ ఒక్క చోట కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు పేరు ఆ ప్రాంతంలో ఇంకా బతికే ఉంది. కానీ చాపకూడు వీరగాథలో మిగిలింది. పంగత్ రోజూ జరిగే పని అయింది. ఆ తేడా నన్ను బాధపెడుతుంది.

అమృత్‌సర్‌లో ఆ రోజు నేను చూసింది ఇది. చెప్పులు విడిచి, తల మీద గుడ్డ కప్పుకుని వెళ్తే గుమ్మం దగ్గర స్టీలు పళ్లెం, గిన్నె, చెంచా చేతికిచ్చారు. హాల్లో పొడవాటి చాపల పట్టీలు. ముందు వచ్చినవాడి పక్కన తర్వాత వచ్చినవాడు. నచ్చిన చోటు ఎంచుకోవడం కుదరదు. బకెట్లతో పప్పు, కూర, పాయసం వచ్చాయి. మాంసం ఉండదు కాబట్టి ఏ మతంవాడూ సంకోచించనక్కర్లేదు. రొట్టెల బుట్టతో ఒక కుర్రాడు ‘పర్షాదా జీ’ అంటూ వచ్చాడు. అక్కడ రొట్టె పేరు పర్షాదా, అంటే ప్రసాదం. నేను అలవాటు ప్రకారం పళ్లెం ముందుకు జరిపాను. అతను వెయ్యలేదు. తన రెండు అరచేతులు దోసిలి చేసి చూపించి ఆగాడు. నేనూ దోసిలి పట్టాక రొట్టె అందులో వదిలాడు. నా ఎడమ పక్క ఖరీదైన గడియారం పెట్టుకున్న మనిషి, కుడి పక్క రిక్షా తొక్కే మనిషి, ఇద్దరూ దోసిలే పట్టారు. బయటికి వస్తుంటే పళ్లాలు కడిగే తొట్ల దగ్గర వాన కురుస్తున్నట్టు ఒకటే చప్పుడు. మామూలు రోజుల్లోనే అర లక్ష మందికి తక్కువ కాకుండా తింటారని చెప్పే చోటు అది. వరుస లేచిన వెంటనే తుడిచి, ఇంకో వరుసను కూర్చోబెడుతుంటారు.

దీనికీ హద్దులున్నాయి. 1945లో ఆమోదం పొందిన సిక్కు రహత్ మర్యాద లంగర్ ఉద్దేశాలు రెండని చెప్తుంది: సేవ నేర్పడం, హెచ్చుతగ్గుల భేదం తుడిచెయ్యడం. దేశం, రంగు, కులం, మతం చూసి వరుసలో భేదం చూపకూడదంటుంది. కానీ ఒకే పళ్లెంలో కలిసి తినడం మాత్రం అమృత్ దీక్ష తీసుకున్నవాళ్ల మధ్యనే అని ఆ నియమావళే చెప్తుంది. వరుస అందరిదీ, పళ్లెం కాదు.

వరుస అంటే ఏమిటన్న దానిపైనే ఒకసారి పెద్ద గొడవ జరిగింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కొన్ని గురుద్వారాల్లో లంగర్‌కు బల్లలూ కుర్చీలూ అలవాటయ్యాయి. 1998లో సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ నుంచి నేల మీదే కూర్చుని తినాలని ఆజ్ఞ వచ్చింది. ఆ గొడవ కొట్లాటల దాకా పోయింది. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లకు కుర్చీ వెయ్యాలనడం న్యాయమే, వాళ్లకు ఒక పక్కన బల్లలు వేసే చోట్లున్నాయి. అయితే అందరికీ కుర్చీలే అన్నప్పుడు నాకు సందేహం కలుగుతుంది. కుర్చీకి ఎత్తు ఉంటుంది, ఒక కుర్చీ ఇంకో కుర్చీ కన్నా మెరుగ్గా ఉండవచ్చు. నేలకు ఆ గొడవ లేదు. పంగత్ అన్న మాటలో నేల కూడా కలిసే ఉందని నేననుకుంటాను.

చివరగా, నేను ఎంతో ఇష్టంగా దాచుకున్న ప్రయోగం ఒకటి. 18వ శతాబ్దంలో మొగలులూ అఫ్ఘన్‌లూ వెంటాడుతుంటే సిక్కు దళాలు అడవుల్లో తిరిగిన రోజుల్లో వాళ్లకొక ప్రత్యేకమైన మాటతీరు పుట్టింది. సిక్కుల్లో యోధ సంప్రదాయంవాళ్లైన నిహంగులు దాన్ని ఇప్పటికీ వాడతారు. వేయించిన సెనగలు బాదం, ఉల్లిపాయ వెండి, ఒక్క సిక్కు అంటే లక్షాపాతికవేలు. లంగర్‌లో పిండి అయిపోయి, పొయ్యి చల్లారి, వండడానికి ఏమీ లేనప్పుడు ‘లేదు’ అనరు. ‘లంగర్ మస్తానా’ అంటారు. లంగర్ ఆనందంలో మత్తెక్కి ఉందని అర్థం. తెలంగాణలో మనం ‘మస్తుగున్నది’ అంటామే, ఆ మస్తుకూ ఈ మస్తానాకూ పర్షియన్‌లో తల్లి ఒక్కటే. మనకది బోలెడు ఉండటం, వాళ్లకది ఏమీ లేకపోవడం. పొయ్యి మీద కడాయి ఖాళీగా ఉన్న పూట కూడా వాళ్లు వరుసలోనే కూర్చుని ఆ మాట అన్నారు.