అంచనా పన్ను విధానం: తెనాలి, బాపట్ల, రేపల్లె చిన్న వర్తకుల లెక్క

అంచనా పన్ను విధానం అంటే వర్తకుడి అసలు లాభం ఎంతో చిట్టా, ఆవర్జా చూసి తేల్చకుండా, అమ్మకాల్లో ఇంత శాతం లాభం వచ్చినట్టే భావించి దానిమీద ఆదాయపు పన్ను వేయడం. చిన్న వర్తకుల విషయంలో, 2026 మార్చి 31 దాకా జరిగిన అమ్మకాలకు దీనికి ఆధారం 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 44ఏడీ. జీఎస్టీలోని కాంపోజిషన్ పథకాన్నీ దీనితో కలిపి చెప్పడం వాడుక. నిజానికి అవి రెండు వేర్వేరు లెక్కలు. ఒకటి లాభాన్ని ఊహిస్తుంది, రెండోది అమ్మకంమీద నేరుగా పన్ను తీసుకుంటుంది. గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాల్లో వర్తకం చాలావరకు డెల్టా వ్యవసాయంతో ముడిపడినది. అరువు బేరాలు, కమీషన్ వ్యాపారం, అన్నదమ్ముల భాగస్వామ్యాలు ఇక్కడ మామూలు. ఈ విధానం ఎవరికి అతుకుతుందో, ఎవరికి అతకదో తేల్చేవి ఈ మూడే.

పూర్వరంగం

ఈ ప్రాంతపు కొట్లకు అమ్మకాల లెక్కన పన్ను కట్టడం కొత్త కాదు. రాజాజీ మంత్రివర్గం తెచ్చిన 1939 మద్రాసు జనరల్ అమ్మకపు పన్ను చట్టం అప్పటి గుంటూరు జిల్లాకూ వర్తించింది. ఏడాది అమ్మకాలు పదివేల రూపాయల లోపు ఉంటే పన్ను లేదు. పదివేల నుంచి ఇరవైవేల దాకా నెలకు అయిదు రూపాయల స్థిర మొత్తం. ఆపైన అమ్మకాలమీద అర్ధ శాతం. మద్యనిషేధంవల్ల పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చుకోవడమే దీని ఉద్దేశమని చాలామంది రాస్తారు, అది సబబుగానే కనిపిస్తుంది. చిన్న కొట్టుకు స్థిర మొత్తం, పెద్ద కొట్టుకు శాతం అనే ఆలోచన ఆదాయపు పన్నులోకి రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

ఆ మధ్యలో జరిగిన ఒక వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్‌దే. 1988 ఫైనాన్స్ చట్టం సారా, కలప వంటి సరుకు కొనేవారికి కొనుగోలు ధరలో ఇంత శాతం లాభమని సెక్షన్ 44ఏసీ ద్వారా నిర్ణయించింది. సారాకు ఆ శాతం 40. దీన్ని సవాలు చేస్తూ వర్తకులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళారు. అంచనా వేయవచ్చుగాని, అసలు లాభం అంతకన్నా తక్కువని చూపే అవకాశాన్ని వర్తకుడికి మూసివేయకూడదన్న అర్థంలో హైకోర్టు ఆ సెక్షన్‌ను కుదించి చదివింది. 1996లో ఏ. సన్యాసిరావు కేసులో సుప్రీంకోర్టు ఆ దృష్టినే సమర్థించింది. అప్పటికే 44ఏసీ రద్దయిపోయింది. అయినా తరవాతి పథకాలన్నిటిలోనూ ‘తక్కువ లాభమైతే పుస్తకాలు రాసి, ఆడిట్ చేయించి చూపుకోవచ్చు’ అన్న తలుపు కనిపిస్తుంది. దాని వెనక ఈ తీర్పు ప్రభావం ఉందనుకోవడం సమంజసం.

చిల్లర వర్తకులకు మొదటి పథకం 1992 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది. అమ్మకాలు 5 లక్షలు, ఆదాయం 35 వేలు మించనివారు ఏడాదికి 1,400 రూపాయలు కడితే చాలు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో లెక్క వేసి చూడవచ్చు. అప్పటి మినహాయింపు పరిమితి 28 వేలు. మిగిలిన 7 వేలమీద 20 శాతం అంటే సరిగ్గా 1,400. 1997లో దీన్ని తీసేసి, 40 లక్షల దాకా అమ్మకాలున్న చిల్లర వర్తకులకు 5 శాతం లాభమని సెక్షన్ 44ఏఎఫ్ పెట్టారు.

44ఏడీ మొదలైన సంవత్సరంమీద రచనల్లో తేడాలున్నాయి. 1994 అని రాసేవారు అదే అంకెతో ఉన్న పాత సెక్షన్‌ను లెక్కలోకి తీసుకుంటున్నారు. అది నిర్మాణ కాంట్రాక్టర్లకు మాత్రమే. వర్తకులను కలుపుకున్న రూపం 2009 రెండో ఫైనాన్స్ చట్టంతో చేరి, 2011-12 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలైంది. అంటే కొట్టులో కూర్చున్న మనిషికి అది 2010 ఏప్రిల్ 1 తరవాతి అమ్మకాలకు వర్తించింది. ఆ తేదీనే ప్రమాణంగా తీసుకోవడం మేలు. చిల్లర వర్తకుడికి 5 శాతం 8 శాతమైంది కూడా అప్పుడే.

శాతాలు, పరిమితులు

అమ్మకాల పరిమితి 2012లో కోటికి, 2016లో 2 కోట్లకు పెరిగింది. నగదు రూపంలో వచ్చినది మొత్తంలో 5 శాతం మించకపోతే 2023 సవరణ ప్రకారం 3 కోట్లు. పెద్దనోట్ల రద్దు తరవాత, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన అమ్మకాలకు లాభం 6 శాతంగా తగ్గించారు. నగదుకు 8 శాతమే ఉంది. అద్దె, జీతాలు, తరుగుదల అన్నీ ఆ శాతంలో కలిసిపోయినట్టే. విడిగా ఏ ఖర్చూ తీసివేయనివ్వరు. ముందస్తు పన్ను మార్చి 15 లోగా ఒకే విడతలో కట్టాలి.

పుస్తకాలు అక్కర్లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. సుగమ్ అనే ఐటీఆర్-4 ఫారంలో మార్చి 31 నాటికి ఉన్న సరుకు, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు, చేతిలో ఉన్న నగదు చూపాలి. ఆ నాలుగు అంకెలూ కాగితంమీద లేని కొట్టు వాటిని ఊహించి రాస్తుంది. మరుసటి ఏడాది సరుకు నిల్వకు, అమ్మకాలకు పొంతన కుదరనప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

అరువు బేరం: ఒక ఎరువుల కొట్టు

రేపల్లె వైపు ఎరువులు, పురుగుమందులు అమ్మే సొంత కొట్టు ఒకటి ఊహించుకుందాం. ఏడాది అమ్మకాలు 1 కోటి 40 లక్షలు. ఇందులో 90 లక్షలు యూపీఐలోనూ బ్యాంకు ద్వారానూ ఆ ఏడాదే వచ్చాయి, 30 లక్షలు నగదు. మిగిలిన 20 లక్షలు మార్చి 31 నాటికి రైతుల ఖాతాల్లో బాకీగా ఉన్నాయి. సార్వాకు ఇచ్చిన అరువు వడ్లు అమ్ముడుపోగానే సంక్రాంతి అటూ ఇటూగా వసూలవుతుంది. దాళ్వాకో, వరి తరవాతి మొక్కజొన్నకో ఇచ్చినది ఆర్థిక సంవత్సరం దాటాకగాని రాదు. ఇక్కడ చాలామంది పట్టించుకోని వెసులుబాటు ఒకటుంది. 6 శాతం వర్తించడానికి డబ్బు మార్చి 31 లోగానే రానక్కరలేదు, రిటర్ను దాఖలు గడువులోగా బ్యాంకులో పడితే చాలు. అలా 14 లక్షలు వచ్చాయనుకుందాం. రాకుండా మిగిలిన 6 లక్షలకు 8 శాతం తప్పదు.

బ్యాంకు వసూళ్ళమీద 5.40 లక్షలు, నగదుమీద 2.40 లక్షలు, గడువులోగా వచ్చిన బాకీమీద 84 వేలు, రానిదానిమీద 48 వేలు. మొత్తం అంచనా లాభం 9 లక్షల 12 వేలు.

అసలు లాభం మాటేమిటి? యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. డీలరు కమీషన్ 2018లో నిర్ణయించినదాని ప్రకారం టన్నుకు 354 రూపాయలు, అంటే బస్తాకు సుమారు 16. అది ధరలో దాదాపు 6 శాతం. అందులోంచే అద్దె, హమాలీ, గుమాస్తా జీతం, రానిబాకీ అన్నీ పోవాలి. చట్టం మాత్రం ఆ ఖర్చులన్నీ పోగా 6 శాతం మిగిలిందంటుంది. పురుగుమందుల్లో మిగులు ఇంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. రెండూ కలిపి ఈ కొట్టుకు నికరంగా 4 లక్షలే మిగిలిందనుకున్నా, పన్ను లెక్క 9.12 లక్షలమీదే నడుస్తుంది.

2024-25లో కొత్త పన్ను విధానం ప్రకారం దానిమీద సెస్సుతో కలిపి 42,848 రూపాయలు కట్టాలి. అసలు లాభం 4 లక్షలే అని చూపగలిగితే పన్ను లేదు. కాని అమ్మకాలు కోటి దాటాయి, నగదు 5 శాతానికి ఎంతో ఎక్కువ ఉంది కాబట్టి పుస్తకాలు, ఆడిట్ రెండూ తప్పనిసరి. 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వచ్చాక ఈ ఎరువుల కొట్టు యజమాని కట్టవలసినది సున్న. కొట్టు తప్ప వేరే రాబడి లేనివారికి, 2 కోట్ల అమ్మకాలు మొత్తం బ్యాంకు ద్వారానే వచ్చినా 6 శాతం సరిగ్గా 12 లక్షలే. ఎక్కువమంది సొంత యజమానులకు ఇప్పుడు ఈ శాతం పన్ను మొత్తం కన్నా రిటర్నులో చూపే ఆదాయాన్ని, దాన్ని చూసి బ్యాంకు ఇచ్చే అప్పును నిర్ణయిస్తోంది.

ఒకసారి ఈ విధానంలో చేరి, తరవాతి అయిదేళ్ళలో ఎప్పుడైనా అంతకన్నా తక్కువ లాభం చూపితే, ఆ తరవాత అయిదేళ్ళపాటు మళ్ళీ చేరనివ్వరు. ఆదాయం మినహాయింపు పరిమితి దాటితే ఆ కాలమంతా ఆడిట్ చేయించాలి. ఒక పంట దెబ్బతిన్న ఏడు చూసి బయటికి వచ్చేవారు ఈ నిబంధనను ముందే లెక్కలో పెట్టుకోవాలి.

అతకనివారు

కమీషన్, బ్రోకరేజీ, ఏజెన్సీ రాబడి ఉన్నవారికి 44ఏడీ వర్తించదు. తెనాలి నిమ్మకాయల మార్కెట్లో రైతు తరఫున కాయ అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారి రోజూ లక్షల సరుకు చేతులు మార్చినా ఇందులోకి రాడు. అదే మనిషి కాయ తానే కొని, లాభనష్టాలు తనమీద వేసుకుని బయటి ఊళ్ళకు పంపితే అది వర్తకమే, వర్తిస్తుంది. కచ్చా అడతి, పక్కా అడతి అన్న ఈ తేడాను కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1986 మార్చి నాటి 452వ సర్క్యులర్‌లో వివరించింది. కచ్చా అడతి టర్నోవరు అతని కమీషన్ మాత్రమే, పక్కా అడతిది సరుకు మొత్తం విలువ. రెండూ చేసే వ్యాపారి బ్యాంకు ఖాతా ఒకటే పెట్టుకుంటే, రైతుకు చెందిన సొమ్ము కూడా తన అమ్మకంగా కనిపించే ప్రమాదం ఉంది. రెండు ఖాతాలు వేరుగా నడపడమే దీనికి తేలికైన విరుగుడు.

భాగస్వామ్య సంస్థలకు ఈ విధానం అనుమతి ఉన్నా గిట్టుబాటు తక్కువ. సంస్థకు మినహాయింపు పరిమితి లేదు, రిబేటు లేదు, పన్ను 30 శాతం. కోటి రూపాయల అమ్మకాలు పూర్తిగా బ్యాంకు ద్వారా వచ్చినా అంచనా లాభం 6 లక్షలమీద 1,87,200 కట్టాలి. భాగస్వాముల జీతం, వడ్డీ తీసివేసే వీలు 2016 సవరణతో పోయింది. అదే 6 లక్షలు పుస్తకాల ప్రకారం చూపి 5.40 లక్షలు జీతంగా ఇస్తే మిగిలిన 60 వేలమీద 18,720తో సరిపోతుంది. అన్నదమ్ములు కలిసి నడిపే కొట్లకు ఆడిటరు పుస్తకాలే రాయమనడానికి కారణం ఇదే.

జీఎస్టీ కాంపోజిషన్

రాష్ట్రంలో 2005 ఏప్రిల్ నుంచి వ్యాట్ కింద చిన్న డీలర్లకు 1 శాతం టర్నోవర్ ట్యాక్సు ఉండేది. 2017 జూలై తరవాత దాని స్థానం కాంపోజిషన్‌ది. వర్తకులకు పరిమితి కోటిన్నర, పన్ను వేయదగ్గ సరుకు అమ్మకాలమీద 1 శాతం. దీన్ని కొనుగోలుదారు దగ్గర విడిగా వసూలు చేయకూడదు, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తిరిగి రాదు, రాష్ట్రం బయటికి అమ్మకూడదు. రైతుకో ఇంటి వాడకానికో అమ్మే రేపల్లె చిల్లర కొట్టుకు ఇబ్బంది లేదు. తెనాలి హోల్‌సేల్ వర్తకుడు రేపల్లె, బాపట్ల కొట్లకు సరుకు వేస్తే మాత్రం, వాళ్ళకు అతని బిల్లుమీద క్రెడిట్ రాదు కాబట్టి బేరం పక్క కొట్టుకు పోతుంది. నిమ్మకాయ బయటి రాష్ట్రాలకు పంపేవారికి ఈ పథకం మొదటే మూసుకుపోతుంది.

కాంపోజిషన్‌లో మూడు నెలలకోసారి చూపిన అమ్మకాలు, ఐటీఆర్-4లో చూపినవి ఒకదానితో ఒకటి సరిపోవాలి. తేడా వచ్చినప్పుడే నోటీసులు వస్తాయి. అంచనా లాభం ప్రకటించినవారి బ్యాంకు నగదు జమలను విడిగా ప్రశ్నించవచ్చా అన్నదానిమీద ట్రిబ్యునళ్ళ తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. జమలు ప్రకటించిన అమ్మకాలకు లోబడి ఉన్నంతవరకు వర్తకుడి పక్షమే బలంగా కనిపిస్తుంది.

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసినది. అందులో ఈ నిబంధనలు సెక్షన్ 58 కింద చేరాయి. 2026 మార్చి 31 దాకా జరిగిన అమ్మకాలకు పాత 44ఏడీయే వర్తిస్తుంది.