క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ పలచబడితే పంచదార పోయాలా?

రెడ్ వెల్వెట్ కేకు మీద పూసిన క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ పక్కలకు జారుతుంటే చాలామందికి ముందుగా తోచేది ఇంకాస్త ఐసింగ్ షుగర్ కలపడం. ఉత్త వెన్నతో చేసే బటర్‌క్రీమ్‌కు ఈ ఉపాయం పనిచేస్తుంది. క్రీమ్ చీజ్ విషయంలో మాత్రం కొందరు చిక్కబడిందంటారు, కొందరు ఇంకా నీరుగారిందంటారు. లెక్క వేసి చూస్తే రెండు మాటలూ నిజమయ్యే అవకాశం ఉంది.

విరివిగా వాడే ఒక కొలత తీసుకుందాం: 225 గ్రాముల క్రీమ్ చీజ్, 115 గ్రాముల వెన్న, 450 గ్రాముల ఐసింగ్ షుగర్. అమెరికా ప్రమాణాల ప్రకారం క్రీమ్ చీజ్‌లో నీరు 55 శాతం దాకా ఉండొచ్చు. వెన్నలో సుమారు 16 శాతం. అంటే ఈ గిన్నెలో నీరు దాదాపు 140 గ్రాములు. గది వేడిమిలో ఒక గ్రాము నీరు రెండు గ్రాముల పంచదారను కరిగించుకుంటుంది కాబట్టి, మొదటి 280 గ్రాములు కరిగి పాకమవుతాయి. పంచదార కరిగినంత మాత్రాన దాని పరిమాణం మాయం కాదు. 140 మిల్లీలీటర్ల నీరు కాస్తా 300 మిల్లీలీటర్లు దాటిన పాకం అవుతుంది. చీజ్‌లోని గట్టి భాగం మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఆ పైన పోసిన పంచదారే కరగకుండా పొడిగా మిగిలి బిగువునిస్తుంది. అప్పటికి తీపి మొహం మొత్తుతుంది. బటర్‌క్రీమ్‌లో నీరు తక్కువ గనుక ఈ బిగువు మొదట్లోనే వచ్చేస్తుంది.

ఇది అంచనాయే తప్ప కొలిచి తేల్చినది కాదు. చీజ్‌లోని ప్రోటీన్లు, తయారీదారులు కలిపే జిగురు పదార్థాలు కొంత నీటిని పట్టి ఉంచుతాయి. పైగా పంచదార కరగడానికి సమయం పడుతుంది. కలిపిన వెంటనే బాగున్న ఫ్రాస్టింగ్ కాసేపటికి వదులవడానికి ఇదొక కారణం కావచ్చు. చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దండి: గరుకు తగిలితే పంచదార ఇంకా మిగిలి ఉన్నట్టు, నున్నగా జారితే అంతా పాకంలోకి పోయినట్టు.

చెన్నైలో రెండో ముద్దాయి ఎండ. కత్తిరి ఎండల్లో ఏసీ లేని వంటిల్లు 30 డిగ్రీలు దాటే ఉంటుంది. పాల కొవ్వు పూర్తిగా కరగడానికి 35 డిగ్రీలకు అటూ ఇటూ కావాలి గానీ, 30 దగ్గరే అందులో గట్టిగా ఉండే భాగం చాలా తక్కువ. "గది వేడిమికి రానివ్వండి" అని చల్లని దేశాల వంటపుస్తకం చెప్పే మాట ఇక్కడ పాటిస్తే వెన్న సగం కరిగినట్టే.

తప్పు ఎండదా, పాకందా అని తేల్చడానికి ఒక చిన్న గిన్నెలో రెండు చెంచాల ఫ్రాస్టింగ్ తీసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. గరిటెతో గీత గీస్తే చెదరకుండా నిలిస్తే కొవ్వు మెత్తబడటమే కారణం. మొత్తాన్నీ చల్లబరిచి, మెల్లగా నాలుగు తిప్పులు తిప్పితే చాలు. గీత మళ్లీ పూడుకుపోతే నీరు ఎక్కువైంది, చల్లదనం ఒక్కటే చాలదు. ఇక నలకలు నలకలుగా విరిగి, అంచున నీరు ఊరుతుంటే అతిగా గిలకొట్టారని అనుమానించాలి. దాన్ని ఫ్రిజ్ సరిచేస్తుందన్న ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

మళ్లీ చేసేటప్పుడు పంచదారను 120–150 గ్రాములకు తగ్గించడం నాకు సబబుగా తోస్తుంది. ముందు దాన్ని వెన్నతో గిలకొట్టి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని చీజ్‌ను చివర్లో కలపాలి. కొవ్వు పూత పట్టిన పంచదార నీటికి తొందరగా చిక్కదు. అయితే తీపి తగ్గితే పులుపు పైకి తేలుతుంది, నిల్వ గుణమూ తగ్గుతుంది.

నీరు ఎక్కువైన గిన్నెను కాపాడటానికి ప్రత్యామ్నాయాల్లో నా ఓటు వైట్ చాక్లెట్‌కే. 100 గ్రాములు కరిగించి, చేతికి వేడి తగలనంతగా చల్లార్చి కలిపి ఫ్రిజ్‌లో పెడితే, అందులోని కోకో బటర్ గట్టిపడుతుంది. అది కరిగేది సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే వెన్న చేతులెత్తేసే చోట కూడా కొంత నిలుస్తుంది. రెండు చెంచాల పాలపొడి కొద్దిగా నీరు పీలుస్తుంది. పచ్చి కార్న్‌ఫ్లోర్ ఉడకనిదే పెద్దగా చిక్కపరచదు. చీజ్‌కు బదులు వడకట్టిన పెరుగు వాడమనే సలహా మాత్రం ఎదురు తిరుగుతుంది. గుడ్డలో ఎంత వేలాడదీసినా అందులో నీరు క్రీమ్ చీజ్ కంటే ఎక్కువే.

సముద్రపు తేమను నిందించడం చెన్నైలో అలవాటు. కానీ నిండుగా పంచదార కరిగిన పాకం గాలిలోంచి నీరు లాగాలంటే తేమ సుమారు 85 శాతం దాటాలి. గంటసేపట్లో అలా చేరేది స్వల్పం. తేమ నిజంగా దెబ్బతీసేది ఫ్రిజ్‌లోంచి తీశాకే. చల్లని కేకును బయట పెట్టగానే పైన చెమట పట్టి, ఆ నీటిబొట్లలో ఫ్రాస్టింగ్ కరుగుతుంది. అందుకని కేకును డబ్బా మూతతోనే బయట పెట్టి, చలి కాస్త విరిగాక తెరవాలి. అలాగని ఎక్కువసేపు ఉంచేయకూడదు: 32 డిగ్రీలు దాటిన వేడిలో ఇలాంటి పాల పదార్థాలను గంటకు మించి బయట ఉంచొద్దని అమెరికా వ్యవసాయ శాఖ సూచన.