కొత్తవలస చూసినా లెక్కకు రాని రోజులు

విజయనగరం జిల్లా కొత్తవలస రైల్వే జంక్షన్. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే లైను ఇక్కడే విడిపోతుంది. 1995లో జెమిని టీవీ, ఈటీవీ వచ్చాక కేబుల్ తీగ మన చిన్న ఊళ్లలోకీ పాకింది. రాత్రి భోజనాల వేళకు సీరియల్ పెట్టడం ఇక్కడా అలవాటైంది. కానీ అప్పట్లో ఊరు ఊరంతా ఒక సీరియల్ చూసినా దాని రేటింగ్ వీసమెత్తు పెరిగేది కాదు, ఊరంతా టీవీ కట్టేసినా తగ్గేది కాదు. ఎందుకంటే రేటింగ్ లెక్కలో ఇలాంటి ఊళ్లు లేవు.

ఆ లెక్క కట్టింది ప్రధానంగా టామ్ మీడియా రీసెర్చ్ అనే సంస్థ. 1990ల చివర్లో మొదలై, 2015లో బార్క్ అనే కొత్త సంస్థ వచ్చేదాకా దేశంలో టీఆర్పీ అంటే దాదాపుగా టామ్ చెప్పిన అంకే అన్నట్టు నడిచింది. టామ్ మీటర్లు ముఖ్యంగా లక్ష జనాభా దాటిన పట్టణాల్లోనే ఉండేవి. చివరి రోజుల్లో అంతకన్నా చిన్న పట్టణాలను కొన్నిచోట్ల చేర్చారు గానీ, పల్లెల్లోకి మాత్రం వెళ్లలేదు. విజయనగరం లక్ష గీత దాటిన పట్టణం, కొత్తవలస దాటలేదు. రెండు ఊళ్లవాళ్లూ చూసేది అవే చానళ్లు, మాట్లాడేది అదే మాట. అయినా ఒకరికి లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది, ఇంకొకరికి లేదు.

అసలు చూసేవాళ్లను ఎలా లెక్కపెట్టేవారు? మొదట్లో డైరీలే ఆధారం. 1980ల్లో దూరదర్శన్ ప్రేక్షక పరిశోధన విభాగం, ఐఎమ్‌ఆర్‌బీ వంటి మార్కెట్ పరిశోధన సంస్థలు ఎంచుకున్న ఇళ్లకు గళ్లు గీసిన పుస్తకాలు ఇచ్చేవి. ఏ వేళకు ఇంట్లో ఎవరు ఏం చూశారో టిక్కు పెట్టాలి. ఏ పూటకాపూట రాసేవాళ్లు తక్కువ. పుస్తకం తీసుకెళ్లే మనిషి వస్తాడనగా వారం మొత్తం ఒకేసారి నింపేవారు. అప్పుడు గుర్తుకొచ్చేది పేరున్న కార్యక్రమమే. మధ్యాహ్నం ఊరికే పెట్టి వదిలేసిన పాత సినిమా గుర్తురాదు. ఒకే చానల్ ఉన్నన్నాళ్లు ఈ లోపం పెద్దగా బయటపడలేదు. ముప్పై, నలభై చానళ్లు వచ్చి, చేతిలోకి రిమోట్ వచ్చాక డైరీ చేతులెత్తేసింది.

అప్పుడు వచ్చింది పీపుల్ మీటర్. అమెరికాలో నీల్సన్ సంస్థ 1987లో దేశవ్యాప్త రేటింగ్‌లకు దీన్ని వాడడం మొదలుపెట్టింది, మనకు మరో పదేళ్లు పట్టింది. టీవీ పక్కన ఒక చిన్న పెట్టె, దానికో ప్రత్యేకమైన రిమోట్. ఆ రిమోట్‌లో నాన్నకొక బటన్, అమ్మకొకటి, నాయనమ్మకొకటి, పిల్లలకు ఒక్కొక్కటి, చుట్టాలొస్తే వాళ్లకూ ఒక బటన్. టీవీ ముందు కూర్చోగానే ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి, లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. ఏ చానల్ నడుస్తోందో పెట్టె దానంతటదే పట్టుకుంటుంది. ఎవరు చూస్తున్నారో మాత్రం మనుషులే చెప్పాలి. పప్పు పొంగుతోందని వంటింట్లోకి పరుగెత్తిన ఇల్లాలు బటన్ నొక్కి వెళ్తుందా? వెళ్లదు. కాబట్టి ఆవిడ గిన్నె దించి వచ్చేదాకా చూస్తున్నట్టే లెక్క. టీవీ ఆన్‌లో ఉండి ఒక్క బటనూ నొక్కి లేకపోయినా, ఒకే చానల్ రాత్రింబవళ్లు కదలకుండా నడిచినా ఆ ఇంటి సమాచారాన్ని అనుమానించి పక్కన పెట్టేవారు. కరెంటు పోతే పెట్టె దృష్టిలో ఎవరూ టీవీ చూడనట్టే.

మీటర్ ఎవరింట్లో పెట్టాలన్నది చీటీ వేసి తేల్చేది కాదు. ముందు పెద్ద సర్వే చేసి ఏ పట్టణంలో ఎన్ని ఇళ్లకు టీవీ ఉంది, కేబుల్ ఎందరికుంది, ఇంటి పోషణ చూసే మనిషి చదువేమిటి, పనేమిటి అని తెలుసుకునేవారు. ఆ పోలికలు సమాజంలో ఎంత మేర ఉన్నాయో ప్యానెల్‌లోనూ అంత మేర ఉండేలా ఇళ్లను ఎంచేవారు. ఎక్కడైనా తగ్గితే, అలాంటి ఇళ్లకు లెక్కలో బరువు పెంచేవారు. ఎవరింట్లో మీటర్ ఉందన్నది రహస్యంగా ఉంచాలి. 2001లో ముంబైలో మీటర్లున్న ఇళ్ల జాబితా బయటికొచ్చినప్పుడు పరిశ్రమ అంతా అందుకే గగ్గోలు పెట్టింది.

ఇక ఒక్క పాయింటు అంటే ఏమిటో చూద్దాం. 'పది రేటింగ్ వచ్చింది' అంటే పది శాతం మంది ఆ కార్యక్రమం చూశారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. రేటింగ్ లెక్కించేది మనుషుల్ని మాత్రమే కాదు, వాళ్లు చూసిన నిమిషాల్ని కూడా. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మన ప్యానెల్‌లో 500 మంది ఉన్నారు. సీరియల్ అరగంట. అందరూ మొదటి నుంచి చివరిదాకా చూస్తే 500ను 30తో గుణించి 15,000 నిమిషాలు. కానీ జరిగింది ఏమిటంటే, 40 మంది పూర్తిగా చూశారు, వాళ్లవి 1,200 నిమిషాలు. ఇంకో 20 మంది పావుగంట చూసి చానల్ మార్చారు, వాళ్లవి 300. మొత్తం 1,500. దాన్ని 15,000తో భాగించి నూటికి చెబితే రేటింగ్ 10. సీరియల్‌ను తాకిన మనుషులు మాత్రం 60 మంది, అంటే 12 శాతం. దీన్ని పరిశ్రమలో రీచ్ అంటారు. అదే అరగంటలో సగటున 200 మంది ఏదో ఒక చానల్ చూస్తుంటే, వాళ్లలో ఈ సీరియల్ వాటా 25 శాతం. అంటే ఒకే రాత్రి, ఒకే సీరియల్, మూడు అంకెలు. చానల్ వాళ్లు పత్రికల్లో ప్రకటన వేసుకునేటప్పుడు వీటిలో ఏది పెద్దదో దాన్నే పెద్ద అక్షరాల్లో వేయడం మామూలే.

ఇంకో చిక్కు, శాతం దేనిలో అన్నది. ఊళ్లోని మొత్తం జనంలో కాదు. ప్రకటనల మార్కెట్లో ఎక్కువగా వాడింది కేబుల్, శాటిలైట్ ఉన్న ఇళ్లలో నాలుగేళ్లు దాటిన వాళ్లను. కొబ్బరి చెట్టంత కర్రకు యాంటెనా కట్టి దూరదర్శన్ మాత్రమే చూసే ఇల్లు, పట్టణం నడిబొడ్డున ఉన్నా ఆ లెక్కలో లేనట్టే. సబ్బుల కంపెనీ వాడికి ఆడవాళ్ల లెక్కే కావాలి, బైకుల కంపెనీ వాడికి కుర్రాళ్ల లెక్క. అందువల్ల ఒకే కార్యక్రమానికి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రేటింగ్ ఉండేది.

ఈ పాయింటుకు ధర ఉంది. పది సెకన్ల ప్రకటనకు చానల్ 20,000 రూపాయలు అడిగిందనీ, కార్యక్రమం రేటింగ్ 10 అనీ అనుకుందాం. ఒక్క పాయింటు ఖరీదు 2,000. ప్రకటనలు కొనేవాళ్లు బేరమాడేది ఈ అంకె మీదే. వచ్చే వారం రేటింగ్ 8కి పడితే, అదే ప్రకటనకు పాయింటు 2,500 పడుతుంది. 'ధర తగ్గించండి' అంటాడు కొనేవాడు. కథలో కోడలు పుట్టింటికి వెళ్లిపోవడమో, చనిపోయాడనుకున్న మొగుడు తిరిగి రావడమో జరిగేది తరచూ ఇలాంటి వారం తర్వాతే.

కానీ 10 నుంచి 8కి పడడం నిజంగా పడడమేనా? నాకు ఈ విషయంలో ఎప్పుడూ బాధ కలిగేది ఇక్కడే. ఊళ్లో అందర్నీ అడగకుండా 500 మందిని అడిగి చెప్పే శాతానికి కొంత అటూ ఇటూ ఊగే గుణం ఉంటుంది. పది శాతం దగ్గర 500 మంది ప్యానెల్‌కు గణాంక శాస్త్రం చెప్పే ఊగిసలాట సుమారు రెండున్నర పాయింట్లు. అంటే అసలు అంకె ఏడున్నర కావచ్చు, పన్నెండున్నర కావచ్చు. చూసేవాళ్లలో ఏ మార్పూ లేకుండానే ఒక వారం 10, మరో వారం 8 రావచ్చు. ఒక ఇంట్లో నలుగురూ ఒకేసారి ఒకే టీవీ చూస్తారు కాబట్టి ఈ ఊగిసలాట నిజానికి ఇంకా ఎక్కువ. చిన్న రేటింగ్‌ల సంగతి మరీ అన్యాయం. ఒక వార్తా చానల్‌కు 1 వచ్చిందంటే 500 మందిలో సగటున ఐదుగురు. ఊగిసలాట దాదాపు 0.9. అలాంటి రెండు చానళ్లలో ఒకదానికి 1.1, రెండో దానికి 0.9 వస్తే మేమే నంబర్ వన్ అని హోర్డింగులు పెట్టడం చూశాం. ఆ తేడాకు అర్థమే లేదు. నలుగురున్న ఒక్క ఇల్లు చానల్ మారిస్తే ఈ ప్యానెల్‌లో 0.8 పాయింటు మారిపోతుంది. మీటర్లున్న ఇళ్ల జాబితాకు అంత విలువ ఎందుకో, ఆ ఇళ్లకు లంచం ఇచ్చారన్న ఆరోపణలు మళ్లీ మళ్లీ ఎందుకు వచ్చాయో దీన్నిబట్టి తెలుస్తుంది. మీటర్ల సంఖ్య పెంచకుండా లోపాలను పట్టించుకోలేదని ఎన్డీటీవీ 2012లో టామ్ వెనకున్న నీల్సన్, కాంటార్ సంస్థల మీద న్యూయార్క్ కోర్టుకే వెళ్లింది. ఆ కేసు నిలబడలేదు.

2010 ప్రాంతంలో టామ్ మీటర్లున్న ఇళ్లు దేశం మొత్తం మీద సుమారు 8,000. 2011 జనాభా లెక్కల్లో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 11.6 కోట్లు. అందులో దాదాపు సగం, 5.6 కోట్లు, పల్లెల్లోనివే. ఆ సగం ఏం చూస్తోందో చెప్పే అంకె ప్రకటనల మార్కెట్లో లేదు. దీని ఫలితం కార్యక్రమాల మీదే కాదు, కేబుల్ తీగ మీదా పడింది. పాత టీవీల్లో మొదటి కొన్ని నంబర్లలో వచ్చే చానళ్లే స్పష్టంగా కనిపించేవి. ఆ చోటు కోసం చానళ్లు కేబుల్ ఆపరేటర్లకు డబ్బు ఇచ్చేవి. ఆ డబ్బు ఎక్కువగా వెళ్లింది మీటర్లున్న పట్టణాలకే. మీటర్ లేని ఊళ్లో మొదటి నంబర్‌లో కనిపించినా, తొంభైలో కనిపించినా చానళ్లకు ఒకటే కదా.

'ఇంత మందిమి సూత్తన్నాం, మమ్మల్నెవులూ అడగరేటి?' అని మన పల్లెల్లో ఎవరైనా అంటే అది న్యాయమైన ప్రశ్నే. అడగకపోవడానికి కారణం ఖర్చు. పల్లెలో మీటర్ పెట్టి, చెడిపోతే బాగుచేసి, కరెంటు ఉండీ లేని చోట సమాచారం తెప్పించుకోవడం పట్టణం కన్నా కష్టం. రేటింగ్‌లకు డబ్బు కట్టే కంపెనీలు అప్పట్లో పట్టణ వినియోగదారుల లెక్కతోనే సరిపెట్టుకున్నాయి. 2011లో కేంద్రం వేసిన అమిత్ మిత్రా కమిటీ మీటర్లను రెండేళ్లలో 15,000కు, తర్వాతి మూడేళ్లలో 30,000కు పెంచాలనీ, పల్లెల్నీ చేర్చాలనీ సిఫార్సు చేసింది.

చానళ్లు, ప్రకటనకర్తలు, ప్రకటనల ఏజెన్సీలు కలిసి పెట్టుకున్న బార్క్ 2015 ఏప్రిల్‌లో పట్టణాల రేటింగ్‌లు ఇవ్వడం మొదలుపెట్టి, అక్టోబరులో పల్లెల అంకెల్నీ చేర్చింది. మీటర్ పనితీరూ మారింది. చానల్ శబ్దంలోనే మన చెవికి వినిపించని ఒక గుర్తును కలిపి పంపుతారు. ఇంట్లోని పెట్టె ఆ గుర్తును విని చానల్ ఏదో చెబుతుంది. ఏ కేబుల్ అయినా, డిష్ అయినా తేడా లేదు. పల్లెల అంకెలు చేరగానే హిందీలో డబ్బు కట్టనక్కర్లేని ఉచిత చానళ్లు ఒక్కసారిగా జాబితా పైకి ఎగబాకాయి. అవి ఆ వారం కొత్తగా ప్రేక్షకుల్ని సంపాదించుకోలేదు. ఆ ప్రేక్షకులు ముందునుంచీ ఉన్నవాళ్లే.

బార్క్ వారం వారం బయటపెట్టే జాబితాల్లో శాతాన్ని వెనక్కి నెట్టి, చూసినవాళ్ల సంఖ్యను వేలల్లో చెప్పడం మొదలుపెట్టింది. దానికి కారణం ఉంది. పట్టణాలు మాత్రమే ఉన్న పాత లెక్కలోని 10 శాతం, పల్లెలూ చేరిన కొత్త లెక్కలోని 10 శాతం ఒకటి కాదు. రెండోదాని వెనక మనుషులు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే 2005 నాటి సీరియల్ రేటింగ్‌ను, 2018 నాటి సీరియల్ రేటింగ్‌ను పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ మంది చూశారని ఎవరైనా వాదిస్తే, ముందు అడగాల్సింది ఆ రెండింటి లెక్కలో పల్లెలు ఉన్నాయా లేవా అని.