వార్డులో గుండె ఆగినప్పుడు: సీపీఆర్ లోతు, వేగం, జట్టు పని

ఆగిన గుండెను ఛాతీ పైనుంచి నొక్కి రక్తాన్ని నడిపించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దానికి ముందే వెలుగు చూసింది. 1891లో జర్మనీలోని గోటింగెన్‌లో ఫ్రెడరిక్ మాస్ అనే వైద్యుడు, క్లోరోఫామ్ మత్తులో గుండె ఆగిన రోగికి మొదట శ్వాస వేగంతో మెల్లగా ఛాతీ నొక్కాడు. ఫలితం కనిపించకపోవడంతో ఆదుర్దాగా వేగం పెంచి నిమిషానికి 120కి పైగా నొక్కాడు. రోగి కంటిపాపలు చిన్నవి కావడం మొదలైంది, అంటే మెదడుకు రక్తం అందుతోందన్నమాట. ఈ అనుభవాన్ని అతను మరుసటి ఏడాది ప్రచురించినా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు గుండె ఆగితే ఛాతీ కోసి, చేత్తో నేరుగా గుండెను పిసకడమే శస్త్రవైద్యుల పద్ధతిగా సాగింది.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో విలియం కూవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు కుక్కల మీద డీఫిబ్రిలేటర్‌ను పరీక్షిస్తున్నప్పుడు పాత విషయం మళ్లీ బయటపడింది. బరువైన పాడిల్స్‌ను ఛాతీకి గట్టిగా అదిమినప్పుడు, షాక్ ఇవ్వకముందే రక్తపోటు కాస్త పెరుగుతోందని అతని విద్యార్థి గై నికర్‌బాకర్ గమనించాడు. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్‌తో కలిసి వాళ్లు 1960లో ప్రచురించిన వ్యాసం, రొమ్ము ఎముకను 3 నుంచి 4 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి సుమారు 60 సార్లు నొక్కమంది. 20 మంది రోగుల్లో 14 మంది బతికారన్న ఆ వ్యాసం ప్రపంచాన్ని కదిలించింది. అయితే వారిలో పలువురికి మత్తు ఇస్తున్నప్పుడో ఆపరేషన్ జరుగుతున్నప్పుడో, డాక్టర్ల కళ్లెదుటే గుండె ఆగింది. ఎప్పుడు ఆగిందో తెలియని వార్డు రోగికి ఆ లెక్క వర్తించదు. ఆ రోజుల్లోనే పీటర్ సఫర్, జేమ్స్ ఈలమ్ నోటితో ఊపిరి ఊదే పద్ధతిని రుజువు చేశారు. ఈ రెండూ కలిసి సీపీఆర్ అయింది.

1974లో అమెరికా ప్రమాణాలు అచ్చయినప్పుడు అందులో ఒక సూక్ష్మం ఉంది. ఇద్దరుంటే నిమిషానికి 60 వేగంతో, ప్రతి 5 నొక్కులకు ఒక ఊపిరి ఇవ్వాలి. ఒక్కరే ఉంటే 80 వేగంతో, 15 నొక్కులకు రెండు ఊపిరులు. ఒంటరి మనిషికి ఎక్కువ వేగం ఎందుకంటే, ఊపిరి ఊదడానికి ఆగిన సమయం పోను నిమిషానికి 60 నొక్కులైనా దక్కాలని. చేతుల వేగం వేరు, నిమిషంలో నిజంగా పడే నొక్కుల సంఖ్య వేరు అన్న గ్రహింపు అప్పటికే ఉందన్నమాట. తర్వాతి ముప్పై ఏళ్లు శిక్షణ తరగతుల్లో వేగం గురించి చెప్పినంతగా ఈ విషయం చెప్పలేదు.

2005లో షికాగో విశ్వవిద్యాలయ ఆసుపత్రి నుంచి వచ్చిన అధ్యయనం ఆ నిర్లక్ష్యాన్ని బయటపెట్టింది. ఛాతీ మీద సెన్సర్ పెట్టి, ఆసుపత్రిలోనే గుండె ఆగిన 67 మందికి అందిన సీపీఆర్‌ను కొలిచారు. మొదటి ఐదు నిమిషాలను 30 సెకన్ల ముక్కలుగా చూస్తే, నాలుగో వంతుకు పైగా ముక్కల్లో వేగం 90 కంటే తక్కువ. మూడో వంతుకు పైగా ముక్కల్లో లోతు చాలలేదు. సగానికి పైగా ముక్కల్లో ఊపిరులు నిమిషానికి 20 దాటాయి. నొక్కినవాళ్లందరూ శిక్షణ పొందిన సిబ్బందే. అదే ఏడాది మార్గదర్శకాలు నిష్పత్తిని 30 నొక్కులకు రెండు ఊపిరులుగా మార్చాయి. 2010లో ఊపిరి కంటే నొక్కుడు ముందుకొచ్చింది, లోతు కనీసం 5 సెంటీమీటర్లు అయింది. 2015లో రెంటికీ పై హద్దులు గీశారు: పెద్దవారికి 5 నుంచి 6 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120. ఆరు దాటితే పక్కటెముకలు, లోపలి అవయవాలు దెబ్బతినడం పెరుగుతుంది. 120 దాటితే చేతులు తొందరపడి లోతు తగ్గుతుంది.

వార్డులో ఇదెలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. రాత్రి రెండు గంటలకు మందు ఇవ్వడానికి వెళ్లిన స్టాఫ్ నర్సు, రోగి పలకడం లేదని గమనిస్తుంది. భుజాలు తట్టి పిలిచి, గట్టిగా కేకేసి, కోడ్ బ్లూ మోగించమంటుంది. ఆ తర్వాత ఊపిరిని, మెడ పక్క నాడిని కలిపి పది సెకన్లలోపే చూస్తుంది. అప్పుడప్పుడూ నోరు తెరిచి ఎగపోసినట్టుండే శ్వాసను చాలామంది ఊపిరిగా పొరబడతారు. అది గుండె ఆగిన లక్షణమే. నాడి ఉందో లేదో తేల్చుకోలేకపోతే లేనట్టే లెక్కించి నొక్కడం మొదలుపెట్టాలి. అరచేతి మడమ రొమ్ము ఎముక కింది సగం మీద, మోచేతులు నిటారుగా. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రావాలి, ఎందుకంటే గుండె నిండేది అప్పుడే. ఛాతీ మీదే వాలి ఉంటే తర్వాతి నొక్కుకు పంపడానికి రక్తం చాలదు.

వార్డు మంచంతో ఒక చిక్కుంది. మెత్తటి పరుపు కూడా కిందికి పోతుంది కాబట్టి చేతులు ఆరు సెంటీమీటర్లు దిగినా ఛాతీ అంత నొక్కుకోదు. వీపు కింద గట్టి పలక పెడితే కొంత మేలు, దానికోసం నొక్కుడు ఎక్కువసేపు ఆపకూడదు. పడక పుండ్లు రాకుండా వేసే గాలి పరుపైతే సీపీఆర్ వాల్వు లాగి గాలి తీసేయాలి. ఆ వాల్వు మంచానికి ఏ వైపున ఉందో డ్యూటీ సిబ్బందికి ముందే తెలియాలి.

ఇప్పుడు 1974 నాటి లెక్కను ఈ మంచం దగ్గర వేసి చూద్దాం. 100 వేగంతో 30 నొక్కులకు 18 సెకన్లు పడుతుంది. ఆంబూ బ్యాగుతో రెండు ఊపిరులకు ఆరు సెకన్లు ఆగితే చక్రం 24 సెకన్లు, అంటే నిమిషానికి 75 నొక్కులు దక్కుతాయి. ఇంకో జట్టు 120 వేగంతో కొడుతూ, మాస్కు సరిగా అతకక ప్రతిసారీ 12 సెకన్లు ఆగితే చక్రం 27 సెకన్లు, దక్కేవి 67. చూసేవాళ్లకు రెండో జట్టే చురుగ్గా కనిపిస్తుంది. పైగా నష్టం సంఖ్యలోనే కాదు. గుండె కండరానికి రక్తం అందించే ఒత్తిడి వరుస నొక్కులతో మెల్లగా పెరుగుతుంది, ఆగగానే పడిపోతుంది. అందుకే ఇద్దరు ఉంటే ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకోవాలి, ఇంకొకరు బ్యాగు నొక్కాలి.

నొక్కేవాడి లోతు ఒకటి రెండు నిమిషాల్లోనే తగ్గుతుంది, అది అతనికి తెలియదు. "నాకు ఫరవాలేదు" అన్న మాటను జట్టు నాయకుడు నమ్మకుండా ప్రతి రెండు నిమిషాలకు మనిషిని మార్చాలి. రాబోయేవాడు ముందే మంచం అవతలి వైపు సిద్ధంగా నిలబడతాడు. లయ చూడడం, మనిషి మారడం ఒకే విరామంలో, పది సెకన్లలోపు జరుగుతాయి. షాక్ అవసరమైన లయ అయితే డీఫిబ్రిలేటర్ చార్జ్ అవుతున్నంతసేపూ నొక్కుతూనే ఉంటారు. షాక్ పడగానే నాడి కోసం వెతక్కుండా మళ్లీ మొదలుపెడతారు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బొమ్మ రోగితో చేసిన ప్రయోగాల్లో, అప్పటికప్పుడు పోగైన డాక్టర్లు ముందే ఏర్పడిన జట్ల కంటే మొదటి నిమిషాల్లో తక్కువసేపు నొక్కారు. వైద్యం తెలియక కాదు, ఎవరు ఏం చేయాలో తేలక. కాబట్టి నాయకుడు ఆంబూ బ్యాగు పట్టుకోకుండా మంచం కాళ్ల వైపు నిలబడి, మనిషిని చూసి పని చెప్పాలి. "ఎవరైనా ఎడ్రినలిన్ ఇవ్వండి" అంటే ఇద్దరు ఇవ్వొచ్చు, ఎవరూ ఇవ్వకపోవచ్చు. "సిస్టర్, మీరు ఎడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఐవీ ఇవ్వండి" అంటే, "ఒక మిల్లీగ్రాము ఇచ్చాను సార్, రెండు గంటల ఆరు నిమిషాలు" అని జవాబు వస్తుంది. టైము రాసేవారికి అదే నమోదు. మూడు నుంచి ఐదు నిమిషాలకు తర్వాతి మోతాదును గుర్తుచేసేదీ వాళ్లే.

గొట్టం వేశాక నొక్కుడు ఆపక్కర్లేదు, ఆరు సెకన్లకు ఒక ఊపిరి చాలు. కంగారులో బ్యాగును ఎడాపెడా పిండితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పరికరం ఉన్నచోట ఆ అంకె 10 దాటకపోతే, ముందుగా అనుమానించాల్సింది నొక్కుతున్న చేతులనే. అది ఒక్కసారిగా 35, 40కి ఎగబాకితే గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలై ఉండవచ్చు. అప్పుడు లయతోపాటు నాడి కూడా చూస్తారు.