'నిధి చాల సుఖమా'లో 'చాల' ఎవరి పక్షం?

తిరువయ్యారులో జీవించిన త్యాగరాజస్వామి (1767–1847) కల్యాణి రాగ కీర్తన ఇది. మన తమిళనాడు తెలుగువాళ్ళం చిన్నప్పట్నుంచీ వింటున్నదే. కానీ పేరులోని మూడు మాటల్నే రెండు రకాలుగా విడదీయొచ్చు.

మొదటిది: 'చాల' పక్కనున్న 'సుఖమా'కి చెందుతుంది. నిధి ఎక్కువ సుఖమా, రాముని సన్నిధిలో సేవ ఎక్కువ సుఖమా అని మనసునడగడం. రెండోది: 'చాల' నిధికి చెందుతుంది. చాలినంత, అంటే సమృద్ధిగా ఉన్న ధనం సుఖమా అని. తేడా చిన్నది కాదు. రెండో అర్థంలో ప్రశ్న అధిక ధనం గురించే. కొద్దిపాటి సొమ్ము జోలికి పోదు. మొదటి అర్థంలో ధనం ఎంతైనా సరే, తక్కెడలో పడాల్సిందే.

రెండోదాన్ని తోసిపారేయలేం. 'డబ్బు చాలా ఉంది' అంటామే, అక్కడ 'చాలా' పేరు తర్వాతే వస్తుంది. అయితే అక్కడ 'ఉంది' అనే క్రియ ఉంది, ఇక్కడ లేదు.

ఇంక కీర్తనలోనే చూద్దాం. మిగతా జంటల్లో, మమకారంతో కట్టుబడ్డ నరస్తుతి గానీ, చెడు విషయాల బావిలో స్నానం గానీ, వర్ణించే మాటలు పేరుకి ముందే ఉన్నాయి. ధనం సమృద్ధిని చెప్పదలిస్తే ఇక్కడా 'చాల' నిధికి ముందు రావాల్సింది. అది 'సుఖమా'కి ఆనుకుని ఉంది.

పాడేవాళ్ళు ఎక్కడ ఆగుతారన్నది సాక్ష్యం కాదు, అది తాళం పని. పాఠం మాత్రం మొదటి అర్థానికే మొగ్గుతోందని నా లెక్క.