ఆసుపత్రి న్యుమోనియా, వెంటిలేటర్ న్యుమోనియా: తొలి యాంటీబయాటిక్ ఎంపిక చరిత్ర

ఆసుపత్రిలో చేరేనాటికి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ లేని రోగికి 48 గంటలు దాటాక వచ్చే న్యుమోనియాను ఆసుపత్రి న్యుమోనియా అంటారు. శ్వాసనాళంలో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టిన 48 గంటల తరువాత వస్తే అది వెంటిలేటర్ న్యుమోనియా. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఆగితే రోగి దక్కకపోవచ్చు. కాబట్టి క్రిమి ఏదో తెలియకముందే మందు మొదలుపెట్టాలి. దీన్నే ఎంపిరికల్ చికిత్స అంటారు. ఆ ఎంపిక ఊహ మీద కాక లెక్క మీద నడవడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

1952లో కోపెన్‌హేగెన్‌ను పోలియో ముంచెత్తినప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల శ్వాసనాళంలోకి గొట్టం వేసి గాలిని లోపలికి నెట్టే పద్ధతి ప్రవేశపెట్టాడు. నేటి ఐసీయూలకు మూలం అక్కడే ఉంది. గొట్టం ప్రాణం నిలిపింది గానీ దగ్గును, గొంతు కాపలాను తప్పించి ఊపిరితిత్తులకు దారి తెరిచింది. 1960లలో యంత్రాలకు అమర్చిన నెబ్యులైజర్లలోని నీటిలో క్రిములు పెరుగుతున్నాయని తేలింది. పరికరాలను శుభ్రం చేయడం మెరుగుపడింది, అయినా జబ్బు పోలేదు.

అసలు సమాధానం డల్లాస్‌లో జోహాన్సన్, పియర్స్, శాన్‌ఫర్డ్ బృందం చేసిన పరిశోధనల్లో దొరికింది. జబ్బు తీవ్రమయ్యేకొద్దీ రోగి గొంతులో మామూలుగా ఉండే సూక్ష్మజీవులు తొలగి, గ్రామ్ నెగటివ్ క్రిములు అక్కడ స్థిరపడతాయని 1969లో వారు చూపారు. 1972లో ఐసీయూ రోగులను గమనిస్తే, అలా క్రిములు స్థిరపడిన 95 మందిలో 22 మందికి శ్వాసకోశ ఇన్ఫెక్షన్ వచ్చింది. స్థిరపడని 118 మందిలో నలుగురికే వచ్చింది. గొంతులోని ఆ ద్రవమే గొట్టం పక్కనుంచి కొద్దికొద్దిగా లోపలికి జారుతుంది. ఈ రంగంలో ఇంతకంటే ముఖ్యమైన పరిశోధన లేదనే చెప్పాలి, ఎందుకంటే మందు ఎంపిక తర్కమంతా దీని మీదే నిలిచింది. న్యుమోనియా తెచ్చేది గొంతులో కాపురమున్న క్రిమే అయితే, అక్కడ ఏది మిగిలి ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

దాన్ని ఎక్కువగా నిర్ణయించేది రోగి అంతకుముందు తీసుకున్న యాంటీబయాటిక్. అది లొంగే క్రిములను చంపి, లొంగనివాటికి చోటిస్తుంది. అమెరికా వైద్య సంఘాల 2016 మార్గదర్శకాలు వెంటిలేటర్ న్యుమోనియాలో మొండి క్రిములను అనుమానించడానికి ఐదు కారణాలు చెప్పాయి: గత 90 రోజుల్లో నరానికి యాంటీబయాటిక్ ఎక్కించడం, అంతకుముందే ఐదు రోజులు లేదా ఎక్కువ ఆసుపత్రిలో ఉండటం, సెప్టిక్ షాక్, న్యుమోనియాకు ముందే ఏఆర్‌డీఎస్ ఉండటం, డయాలసిస్ అవసరపడటం. 2005లో నర్సింగ్‌హోమ్ నివాసులు, డయాలసిస్ రోగులు వంటివారందరినీ ఒకే గాటన కట్టి పెద్ద మందులు సూచించిన వర్గాన్ని 2016లో తొలగించారు. అది మొండి క్రిములను సరిగా పసిగట్టలేక, అనవసరంగా మందులు వాడించింది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పక్షవాతం వచ్చిన 62 ఏళ్ల వ్యక్తికి చిన్న ఆసుపత్రిలో నాలుగు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చి, ఆ తరువాత పెద్ద ఆసుపత్రిలో వెంటిలేటర్ పెట్టారు. ఆరో రోజున జ్వరం వచ్చింది, కఫం చిక్కబడింది, ఆక్సిజన్ 40 శాతం సరిపోక 60కి పెంచాల్సి వచ్చింది, ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనిపించింది. మచ్చ ఒక్కటే అయితే గుండె వైఫల్యపు నీరో, మూసుకుపోయిన ఊపిరితిత్తి భాగమో కావచ్చు. ఇక్కడ అన్నీ కలిసి వచ్చాయి. ముందు గొట్టం నుంచి కఫం కల్చర్‌కు పంపాలి, వెంటనే మందు మొదలుపెట్టాలి. సెఫ్ట్రియాక్సోన్‌కు సూడోమోనాస్ లొంగదు కాబట్టి అది మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. అందుకే మెరోపెనెమ్‌కు తోడుగా అమికాసిన్, మొండి స్టాఫ్ కోసం వ్యాంకోమైసిన్ చేరుస్తారు. మూడో రోజున సెఫ్టాజిడిమ్‌కు లొంగే సూడోమోనాస్ పెరిగిందని రిపోర్టు వస్తే, రోగి కోలుకుంటున్నాడని చూసుకుని సెఫ్టాజిడిమ్ ఒక్కదానికే మారి మొదటి మూడూ ఆపేస్తారు. మొత్తం ఏడు రోజులు చాలు. ఫ్రాన్స్‌లో 401 మంది రోగులపై జరిగి 2003లో వెలువడిన పరిశోధనలో, ఎనిమిది రోజుల చికిత్స పొందినవారిలో మరణాలు పదిహేను రోజులవారికంటే పెరగలేదు. సూడోమోనాస్ వంటి క్రిముల్లో మాత్రం తిరగబెట్టడం ఎక్కువ కనిపించింది.

అయితే ఈ మందుల పట్టీని ఏ ఐసీయూ కూడా మరో ఐసీయూ నుంచి అరువు తెచ్చుకోలేదు. ఏ క్రిమి ఏ మందుకు ఎంత లొంగుతోందో తన సొంత కల్చర్ రిపోర్టులతో ఎప్పటికప్పుడు లెక్కగట్టాలి. ఆ లెక్కను యాంటీబయోగ్రామ్ అంటారు. ఒక చోటికీ మరో చోటికీ మధ్య ఈ తేడా మన దేశంలో మరీ పెద్దది. ఐసీఎంఆర్ నివేదికల ప్రకారం ఇక్కడి ఆసుపత్రుల ఎసినెటోబాక్టర్‌లో అత్యధిక భాగం మెరోపెనెమ్ తరగతికి లొంగదు. అది ఎక్కువగా ఉన్న ఐసీయూలో పై ఉదాహరణలోని మెరోపెనెమ్ మీద భరోసా ఉంచలేం. కొలిస్టిన్ వంటి మందులవైపు వెళ్లాల్సి వస్తుంది. కొలిస్టిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పైగా నరానికి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి తక్కువగా చేరుతుంది.

ముందు వాడిన మందులే లొంగని క్రిములకు చోటిస్తాయి కాబట్టి, రోగిని ఒక ఆసుపత్రి నుంచి మరొకదానికి మార్చేటప్పుడు గత మూడు నెలల్లో ఇచ్చిన ఇంజెక్షన్ల వివరాలున్న కాగితాలు, పాత కల్చర్ రిపోర్టులు వెంట తీసుకువెళ్లి ఐసీయూ డాక్టరుకు అందించండి.